గుండె ఆపరేషన్ తర్వాత గాలి గొంతు: "ఆగి చూద్దాం" అని నేను చేసిన పొరపాటు

ఆయన నా గదిలోకి వచ్చి మాట్లాడిన మొదటి మాట నాకు వినపడలేదు. ఫ్యాన్ ఆపమన్నాను. అప్పుడు వినపడింది, కానీ మాట కంటే గాలే ఎక్కువ. నాలుగు మాటలు, ఊపిరి, మళ్ళీ మూడు మాటలు, మళ్ళీ ఊపిరి. పక్కన కూర్చున్న కూతురు "నాన్న మాట్లాడుతుంటే ఆయాసం వస్తోంది డాక్టరుగారూ, గుండెకేమన్నా అయిందేమోనని భయంగా ఉంది" అంది. గుండె బాగానే ఉందని వాళ్ళ డాక్టర్లు అప్పటికే రెండుసార్లు ఎకో తీసి చెప్పారు. ఆ ఆయాసం గుండెది కాదు, మాట్లాడేటప్పుడు గాలి కారిపోవడం వల్ల వచ్చేది. టైరుకి పంక్చరుంటే ఎంత గాలి కొట్టినా నిలవదు కదా, అలాగే.

వయసు యాభై దాటింది. కూరగాయల మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో వేలం పాట పాడతారు, అంటే తెల్లవారుజామున మూడు గంటలపాటు గొంతే ఆయన పనిముట్టు. మిగతా వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. కేసుకి అవసరమైనవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

అంతకుముందు ఏం జరిగింది

గుండె నుంచి బయటికొచ్చే పెద్ద ధమని, అయోర్టా, వంపు తిరిగే చోట ఉబ్బింది. ఆ భాగం తీసేసి గొట్టం వేశారు, వాల్వు కూడా మార్చి మెటల్ వాల్వు పెట్టారు. రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. మూడోరోజు నోట్లోంచి ఊపిరి గొట్టం తీశాక గొంతు రాలేదు. "గొట్టం వేసినందుకు వాచింది, రెండు వారాల్లో వస్తుంది" అన్నారట. అది అబద్ధమేమీ కాదు, చాలామందికి అలాగే వస్తుంది. అయితే గొట్టం వాపు వల్ల వచ్చే గొంతు బొంగురుగా, గరగరగా ఉంటుంది, రోజురోజుకీ కాస్తో కూస్తో మెరుగవుతుంది. ఈయనది మొదటిరోజు ఎలా ఉందో పద్దెనిమిదో రోజున కూడా అలాగే ఉంది, పైగా అది బొంగురు కాదు, వట్టి గాలి. ఈ తేడా వింటే తెలుస్తుంది, దానికి పరికరం అక్కర్లేదు.

గొంతు నరం దారి తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. స్వరపేటికలో కార్డ్‌ని, అంటే మాట పుట్టించే స్వరతంత్రిని, కదిపే నరం మెదడు నుంచి నేరుగా గొంతుకి రాదు. ఎడమవైపుది ఛాతీలోకి దిగి, అయోర్టా వంపు కిందనుంచి చుట్టి, మళ్ళీ పైకి ఎక్కి స్వరపేటికకి చేరుతుంది. కుడివైపుది మెడ మొదట్లోనే రక్తనాళాన్ని చుట్టి వెనక్కొచ్చేస్తుంది. అందుకే ఛాతీ ఆపరేషన్ల తర్వాత పడిపోయేది ఎక్కువగా ఎడమ కార్డే, థైరాయిడ్ ఆపరేషన్లలో ఏ వైపైనా కావచ్చు.

అయితే ఒక చిక్కు ఉంది. అయోర్టా ఉబ్బే ఆ నరాన్ని నొక్కి, ఆపరేషన్‌కి ముందే గొంతు పోయి ఉండవచ్చు. అలాగైతే నరం నెలల తరబడి నలిగి ఉంటుంది, తిరిగొచ్చే ఆశ తక్కువ. ఆపరేషన్‌కి ముందు గొంతులోకి స్కోప్ వేసి చూసిన రికార్డు లేదు. "ముందు గొంతు ఎలా ఉండేది?" అంటే ఆయన "బాగానే" అంటారు, అందరూ అలాగే అంటారు. కూతురు ఫోన్ తీసి, ఆపరేషన్ ముందురోజు రాత్రి ఆసుపత్రి నుంచి తండ్రి పంపిన వాయిస్ మెసేజ్ వినిపించింది. బీరువా తాళం ఎక్కడ పెట్టారో, పాలవాడికి ఎంతివ్వాలో చెబుతున్నారు, మధ్యలో ఎవర్నో కసిరారు. ఖంగుమనే గొంతు. ఇరవై సెకన్ల ఆ మెసేజ్ నాకు మంచి సాక్ష్యం. అప్పటినుంచి అందర్నీ పాత వాయిస్ మెసేజ్ ఉంటే తెమ్మంటున్నాను.

మొదటిసారి చూసినప్పుడు

ముక్కులోంచి సన్నటి స్కోప్ వేశాను. కుడి కార్డ్ చక్కగా వచ్చి పోతోంది. ఎడమది కదలడం లేదు, మధ్యగీతకి కాస్త దూరంగా, విల్లులా వంగి ఉంది. రెండింటి మధ్య సందు స్పష్టంగా కనబడుతోంది. ఎడమవైపు పక్కన గుంటలో లాలాజలం నిలిచి ఉంది. ఊపిరి పీల్చుకుని "ఆ..." అని లాగమంటే 4 సెకన్లకి ఆగిపోయారు, ఆ వయసు మగవాళ్ళు మామూలుగా 15 దాకా లాగుతారు. గొంతు ఇబ్బంది ఎంతో పేషెంటే మార్కులు వేసుకునే వీహెచ్ఐ-10 ప్రశ్నపత్రంలో 40కి 31 వచ్చింది.

కార్డ్ కదలకపోతే నరమే పోయిందని ఖాయం చేసుకోకూడదు. గొట్టం వేసేటప్పుడు కార్డ్ వెనక చివరన ఉండే చిన్న కీలు జారినా అలాగే కనిపిస్తుంది. అది వేరే జబ్బు, దానికి వైద్యం వేరు. ఈయనలో మంచి వైపు భాగం వచ్చి తగిలినప్పుడల్లా పడిపోయిన వైపుది కాస్త పక్కకి ఒదుగుతోంది, అంటే కీలు వదులుగానే ఉంది, కదిపేవాడే లేడు. కండరానికి సూది పెట్టి చూసే ఈఎంజీ చేస్తే ఇంకా గట్టిగా చెప్పవచ్చు, కానీ మూడు వారాలలోపు అది పెద్దగా ఉపయోగపడదు, మాకు దగ్గర్లో అది చేసేవాళ్ళూ లేరు. ఆపరేషన్ చేసిన సర్జన్‌కి ఫోన్ చేశాను. "నరం కనపడింది, కోయలేదు, కానీ పక్కకి లాగి పెట్టాల్సొచ్చింది" అన్నారు. ఆ ఒక్క మాటతో నా లెక్క మారింది. తెగని నరం తిరిగి రావచ్చు. పాడైన నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందంటారు, అయోర్టా నుంచి స్వరపేటికకి దాదాపు 12 సెంటీమీటర్లు. అంటే అన్నీ అనుకూలిస్తే నాలుగైదు నెలలకి కదలిక మొదలవ్వాలి. సంవత్సరం దాకా చూడొచ్చు.

ఇక్కడే నేను తప్పు చేశాను. "నీళ్ళు తాగితే పొలమారుతోందా?" అని అడిగాను. "అప్పుడప్పుడూ కొంచెం" అన్నారు. నేను "కొంచెం" అన్న మాట పట్టుకున్నాను. ఛాతీ ఎముక ఇంకా అతుక్కోలేదు, రక్తం పలచబడే మాత్ర మీద ఉన్నారు, నరం వచ్చే అవకాశం ఉంది, కార్డ్‌ని మధ్యకి నెట్టడానికి వేసే ఇంజెక్షన్ మందు ఖరీదు, అది ఇన్సూరెన్స్‌లో రాదు. ఇవన్నీ కలిపి "ఆరు వారాలు ఆగి చూద్దాం, ఈలోగా గొంతు వ్యాయామాలు చేయండి, గడ్డం కిందికి వంచి నీళ్ళు తాగండి" అని పంపేశాను. ఒక్కొక్క కారణం చూస్తే సబబే. కానీ ఒకసారి దగ్గమని అడగనేలేదు. అడిగి ఉంటే అక్కడే తెలిసేది.

గట్టిగా దగ్గాలంటే ముందు కార్డులు రెండూ బిగుసుకుని, లోపల ఒత్తిడి పెరిగి, ఒక్కసారిగా తెరుచుకోవాలి. సందు ఉంటే ఒత్తిడే రాదు. "ఖళ్" అని రావాల్సిన దగ్గు "హఫ్" అని వస్తుంది. ఛాతీ కోసిన మనిషికి కఫం బయటికి తోయడానికి దగ్గే దిక్కు. అది లేకపోవడం, పైగా నీళ్ళు పొలమారడం, ఈ రెండూ ఉన్నవాడిది గొంతు సమస్య కాదు, ఊపిరితిత్తుల సమస్య.

రెండు వారాల తర్వాత కూతురు ఫోన్ చేసింది. జ్వరం, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు.

మళ్ళీ మొదటి నుంచి

డిశ్చార్జ్ అయ్యాక వచ్చినప్పుడు స్కోప్ లోపలే ఉంచి తినిపించి, తాగించి చూశాను. రంగు కలిపిన నీళ్ళు ఒక చెంచా ఇస్తే, కార్డుల మధ్య సందులోంచి కిందికి జారడం తెర మీద అందరం చూశాం. ఆయన దగ్గారు, "హఫ్" అంది, నీళ్ళు పైకి రాలేదు. చిక్కటి రాగి జావ ఇస్తే ఒక్క చుక్క కూడా పక్కదారి పట్టలేదు. పెరుగు పర్వాలేదు, మజ్జిగ వద్దు. తలని ఎడమవైపుకి, అంటే పడిపోయిన వైపుకి తిప్పి మింగితే ఆ వైపు దారి మూసుకుని నీళ్ళు మంచి వైపునుంచి పోతాయి. అలా తాగిస్తే జారడం సగానికి తగ్గింది, పూర్తిగా ఆగలేదు. గడ్డం వంచడం ఈయనకి పెద్దగా పనిచేయలేదు. చూడకుండా చెప్పిన సలహా అది.

ఈలోగా ఆయన ఇంకో పని చేశారు. ఫోన్లో వీడియోలు చూసి, గోడని రెండు చేతులతో నెడుతూ "ఆ" అని అరిచే వ్యాయామం రోజుకి పదిసార్లు చేస్తున్నారు. ఒకప్పుడు మేమూ చెప్పినదే అది. కానీ సందు పెద్దదైనప్పుడు నెట్టడం వల్ల కార్డులు కలవవు, వాటి పైనున్న నకిలీ కార్డులు వచ్చి పిండుకుంటాయి. స్కోప్‌లో అదే కనిపించింది. గాలి గొంతుకి తోడు పిసికినట్టుండే గరగర కూడా చేరింది. ఆపించేశాను. ఇంకా కొత్త ఛాతీ ఎముకతో గోడ నెట్టడమేమిటో అని కూతురితో కాస్త గట్టిగానే అన్నాను, తప్పు ఆమెది కాకపోయినా.

ఇక ఇంజెక్షన్ చేయాలని తేలిపోయింది. తేలాల్సినవి మూడు: ఏ మందు, ఎక్కడ చేయాలి, మాత్ర ఆపాలా వద్దా.

ఇంజెక్షన్ లారింగోప్లాస్టీ ఆలోచన చాలా సరళం. కదలని కార్డ్‌ని కదపలేం, దాని పక్కన కండరంలో కాస్త పదార్థం నింపి మధ్యకి నెడతాం, మంచి కార్డ్ వచ్చి దానికి ఆనుతుంది. 1911లో పారఫిన్ మైనంతో మొదలుపెట్టిన పని ఇది. తర్వాత 1960లలో టెఫ్లాన్ వచ్చింది, కొన్నేళ్ళకి దాని చుట్టూ గడ్డలు కట్టి, తీయడం కూడా కష్టమై, వదిలేశారు. ఇప్పుడు మా చేతిలో ఉన్నవాటిలో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ జెల్ రెండు మూడు నెలలుంటుంది, హైలురానిక్ యాసిడ్ మామూలుగా 3 నుంచి 6 నెలలు, కొందరిలో ఇంకా ఎక్కువ, కాల్షియం హైడ్రాక్సిలాపటైట్ ఏడాది పైన. ఎక్కువ కాలం ఉండేదే మేలు కదా అని ఆయన కొడుకు అడిగాడు. నరం వచ్చే ఆశ ఉన్నవాడికి అది మేలు కాదు. పైగా కాల్షియంది తప్పు చోట పడితే తీయడం కష్టం, హైలురానిక్ యాసిడ్‌ని కరిగించే మందుంది. నాలుగైదు నెలలు నరం కోసం ఎదురుచూడాలి, సరిగ్గా ఆ నాలుగైదు నెలలు గొంతుకి ఆసరా కావాలి. అందుకే హైలురానిక్ యాసిడ్. ఎదురుచూడటం, ఇంజెక్షన్ చేయడం ఒకదానికొకటి అడ్డు కావని నాకు అంతకుముందూ తెలుసు, కానీ మొదటి విజిట్‌లో అలా ఆలోచించలేదు.

మత్తిచ్చి ఆపరేషన్ థియేటర్లో చేస్తే కార్డ్ నిశ్చలంగా ఉంటుంది, సూది ఎక్కడ పెట్టాలో పెద్దగా కనిపిస్తుంది. కానీ ఈయనకి మళ్ళీ మత్తు, మళ్ళీ గొట్టం, పైగా నిద్రలో గొంతు వినలేం. మెలకువలో కుర్చీలో కూర్చోబెట్టి చేస్తే ప్రతి చుక్కకీ "ఈ..." అనమని విని ఆపొచ్చు. మెటల్ వాల్వు కాబట్టి పలచబడే మాత్ర ఆపడం ఇంజెక్షన్ కంటే ప్రమాదం. కార్డియాలజీ వాళ్ళతో మాట్లాడాను, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ 2.4 ఉంది, మాత్ర ఆపకుండానే చేద్దామనుకున్నాం.

పని చేయని ప్రయత్నం

నలభై ఐదో రోజు. 4 శాతం లిగ్నోకైన్ నెబ్యులైజర్లో ఇచ్చి, మెడ మీద చర్మానికి కూడా మత్తిచ్చాం. నా జూనియర్ ముక్కులోంచి స్కోప్ పట్టుకుంది. నేను ఎంచుకున్న దారి నాకు అలవాటైనది: ఆడమ్స్ యాపిల్ కింద, రెండు మృదులాస్థుల మధ్య మెత్తటి పొరలోంచి సూదిని పైకి, బయటకి వంచి కార్డ్ లోపలికి పోనివ్వడం. ఈ దారిలో సూది మొన పొర కిందే నడుస్తుంది, కంటికి కనబడదు. కార్డ్ ఎక్కడ ఉబ్బుతోందో చూసి ఊహించాలి. ఊహించాను. ఆయన దగ్గారు. సరిగ్గా ఆ క్షణంలో నా వేలు నొక్కింది.

తెర మీద కార్డ్ అంచున, ముందు వైపు, గాజు బుడగలా మెరిసేది ఒకటి లేచింది. కార్డ్ కండరంలోకి లోతుగా వెళ్ళాల్సింది పైపొర కిందికి వెళ్ళింది. ఆ పైపొర జెల్లీలా వదులుగా అలలాడితేనే స్వరం వస్తుంది, దాని కింద ఏదన్నా నింపితే అది బిగుసుకుపోతుంది. సిరంజిలో చూస్తే వెళ్ళింది 0.15 మిల్లీలీటరే. ఆపేశాను. ఇంకొంచెం నింపితే సర్దుకుంటుందనే ఆశ ఆ క్షణంలో ప్రతి డాక్టరుకీ కలుగుతుంది, దానికి లొంగకూడదు. గట్టిగా దగ్గించాను, సూది రంధ్రంలోంచి కొంత బయటికి వచ్చింది. మిగిలినదాన్ని కరిగించే మందు వేయాలా అని ఆలోచించి, అంత కొద్దిదానికి మళ్ళీ సూది ఎందుకని వదిలేశాను. ఆ వారమంతా ఆయన గొంతు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు ఉంది. నేనెందుకు ఆపానో, ఎక్కడ తప్పు పడిందో ఇద్దరికీ వీడియో చూపించి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. కూతురు "మళ్ళీ మీరే చేస్తారా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

పని చేసినది

ఎనిమిది రోజుల తర్వాత దారి మార్చాను. ఈసారి ఆడమ్స్ యాపిల్ గాడి పైనుంచి సూది కిందికి దిగి, స్వరపేటిక లోపల గాలిలోకి వస్తుంది, అక్కడినుంచి కార్డ్ మీదకి దిగుతుంది. ఈ దారిలో దగ్గు ఎక్కువ వస్తుందని నేను తప్పించుకునేవాణ్ణి. కానీ సూది మొన మొదటినుంచి చివరిదాకా కళ్ళెదుట ఉంటుంది. మత్తుకి ఇంకో పది నిమిషాలు ఎక్కువ కేటాయించాం, "ఈ" అంటున్నప్పుడు లిగ్నోకైన్ చుక్కలు నేరుగా కార్డుల మీద పడేలా వేశాం, గుడగుడమనేదాకా ఆగాం. వాడిన లిగ్నోకైన్ మొత్తం జూనియర్ కాగితం మీద కూడుతూనే ఉంది, అది మోతాదు దాటితే గుండె లయకే ముప్పు.

మొదటి సూది కార్డ్ వెనక భాగంలో, వోకల్ ప్రాసెస్ అనే మొనకి బయటి వైపు, లోతుగా. అక్కడ నింపితే కార్డ్ మొత్తం తలుపు తిరిగినట్టు లోపలికి వస్తుంది. అంచు ఉబ్బకుండా కార్డ్ అంతా కలిసి జరిగితే సరైన చోట ఉన్నట్టు. రెండోది మధ్య భాగంలో, మళ్ళీ బయటి వైపే. 0.3 దగ్గర "ఈ" లో ధ్వని పుట్టింది. 0.5 దగ్గర మంచి గొంతు వచ్చింది. నేను 0.6 దాకా వెళ్ళి, గొంతు కాస్త బిగుసుకున్నట్టు వినపడగానే ఆపాను, ఎందుకంటే కొన్ని రోజుల్లో మందు సర్దుకుని కార్డ్ కొంచెం వెనక్కి జారవచ్చు. ఊపిరి దారి తగ్గిందేమోనని గంట కూర్చోబెట్టి చూశాం. మత్తు దిగేదాకా రెండు గంటలు నీళ్ళు కూడా వద్దన్నాం.

ఆ గంటలోనే ఆయన దగ్గారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఖళ్" అనే దగ్గు. దగ్గి, కఫం టిష్యూలో ఉమ్మి, నాకు చూపించారు. కూతురు ఏడ్చింది, గొంతు విని కాదు, ఆ దగ్గు విని.

వారానికి "ఆ..." 11 సెకన్లకి వచ్చింది, ప్రశ్నపత్రంలో 31 కాస్తా 12 అయింది. రెండు వారాలకి మళ్ళీ స్కోప్ వేసి తాగిస్తే, తల ఎడమకి తిప్పి చిన్న గుక్కల్లో నీళ్ళు తాగితే ఏదీ జారలేదు. గ్లాసెత్తి గటగటా తాగితే మాత్రం ఇంకా కొంచెం అంచుదాకా వస్తోంది, ఎందుకంటే కార్డుల వెనక మూల దగ్గర సందు ఇంజెక్షన్‌తో పూర్తిగా మూసుకోదు. అది దీని హద్దు. అక్కడ సందు పెద్దదైతే ఆపరేషన్ చేసి కార్డ్ వెనక భాగాన్నే తిప్పి కుట్టాలి. ఇంజెక్షన్ తర్వాతే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపాను, నకిలీ కార్డులతో పిండే అలవాటు మాన్పించడానికి. ముందు ఆ అలవాటు తీయాలని చూసి విఫలమయ్యాం, సందు మూశాక మూడు సిట్టింగుల్లో పోయింది. సందు ఉన్నన్నాళ్ళూ గొంతు పిండుకోక ఏం చేస్తుంది?

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నది పెద్దదేమీ కాదు. ఛాతీ లేదా మెడ ఆపరేషన్ తర్వాత గాలి గొంతుతో వచ్చినవాళ్ళని మొదటి రోజే దగ్గమంటాను, నా ఎదుటే నీళ్ళు తాగిస్తాను, అనుమానముంటే స్కోప్ ఉంచి తాగిస్తాను. దగ్గు బాగుండి, నీళ్ళు పొలమారక, గొంతు ఒక్కటే ఇబ్బందైతే ఆరు వారాలు ఆగడంలో తప్పు లేదు, కొందరికి అంతలోనే వచ్చేస్తుంది. దగ్గు "హఫ్" అంటే ఆ వారంలోనే ఇంజెక్షన్ గురించి మాట్లాడతాను. అలవాటైన దారిలో సూది మొన కనబడకపోతే, ఆ మనిషి దగ్గే మనిషైతే, దారి మారుస్తాను.

తర్వాత

ఐదో నెలలో గొంతు మళ్ళీ కాస్త పలచబడింది. ఆయనకి టెన్షన్ పట్టుకుంది, మందు కరిగిపోతోందని. ఇంకో ఇంజెక్షన్ సిద్ధం చేసుకుని స్కోప్ వేశాను. ఎడమ కార్డ్ కదలడం లేదు, కానీ ముందటిలా విల్లులా వంగి లేదు. కాస్త నిండుగా, మధ్యకి దగ్గరగా నిలబడి ఉంది. మందు వల్లా, నరం వల్లా అన్నది అప్పుడు చెప్పలేకపోయాను, "ఆ..." ఇంకా 10 సెకన్లుంది కాబట్టి సిరంజి పక్కన పెట్టేశాను. పదకొండో నెలకి మందు ఉండే అవకాశం చాలా తక్కువ, కార్డ్ మాత్రం అక్కడే ఉంది, 12 సెకన్లు. నరం వచ్చింది కానీ కదిపేంతగా రాలేదు, కండరానికి పట్టు మాత్రం ఇచ్చింది. తెరిచే కండరానికి, మూసే కండరానికి పోవాల్సిన పోగులు కలగలిసిపోతే ఇలాగే జరుగుతుంది, కార్డ్ నిలబడుతుంది, నడవదు.

మెడ దగ్గర చిన్న కిటికీ కోసి ముక్క పెట్టే శాశ్వత ఆపరేషన్, థైరోప్లాస్టీ, చేస్తే గట్టిగా అరిచే గొంతు ఇంకాస్త రావచ్చని చెప్పాను. మామూలు మాటకి ఇబ్బంది లేదు, కానీ మార్కెట్ గోలలో "ఒకటోసారి, రెండోసారి" అని మూడు గంటలు అరిస్తే మూడో గంటకి గొంతు జారిపోతోంది. ఆయన కాసేపు ఆలోచించి, "వద్దులెండి డాక్టరుగారూ, మావాడు చేతి మైకు కొనిపెట్టాడు" అన్నారు. తర్వాత నవ్వి, మైకులో పాడితే కొనేవాళ్ళకి కోపం వస్తోందని, చెవి పక్కనే అరిచినట్టుందంటున్నారని చెప్పారు.